లక్కపిడతల ఫొటో, చిట్టి చామంతి చేసిన మోసం

"అండీ, మీరు పంపింది శాంపిలా? అసలు సెట్ వెనకాల వస్తుందా?"

ఈ మెసేజ్ చూసి మొదట నాకు నవ్వొచ్చింది. పక్కనే ఆవిడ పెట్టిన ఫొటోలో నా లక్కపిడతల సెట్ మొత్తం, పదహారు ముక్కలూ, ఒక స్టీలు టిఫిన్ ప్లేటులో మూలకి పోగేసి ఉన్నాయి. ప్లేటులో ఇంకా రెండు ఇడ్లీలకి చోటుంది. నేను లిస్టింగులో పెట్టిన ఫొటోలో అవే పదహారు ముక్కలు ఒక పెద్ద ఇత్తడి పళ్ళెం నిండా పరుచుకుని, చుట్టూ చామంతిపూలతో, పేరంటానికి సిద్ధం చేసినట్టు ఉంటాయి. ఆవిడకి సారీ చెప్పి, కొలతలు వివరణలో రాశానండీ అని కొంచెం గొప్పగానే జవాబిచ్చాను. ఆ గొప్పతనం ఎక్కువ రోజులు నిలవలేదు.

నేను విశాఖలో ఉంటాను. ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసే ఒక పెద్దాయన దగ్గర సెట్లు తెచ్చి ఆన్‌లైన్‌లో అమ్ముతాను. అంకుడు కర్రని తరిణె మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్కని అదిమి పట్టి చేసేవి. రోలు, రోకలి, తిరగలి, బిందె, చెంబు, కూజా, పప్పుగుత్తి, అప్పడాల పీట, చిన్న గ్లాసులు. చూడగానే అమ్మమ్మల ఇల్లు గుర్తొచ్చే వస్తువులు కాబట్టి జనం ఫొటో చూసి ఆలోచించకుండా కొనేస్తారు. ఆ తర్వాత డబ్బా తెరిచి ఆలోచిస్తారు.

మూడు నెలల్లో 64 సెట్లు అమ్మితే 13 వెనక్కి వచ్చాయి. అందులో తొమ్మిదింటికి కారణం ఒక్కటే, అనుకున్నదానికన్నా చిన్నగా ఉన్నాయని. ఒక్కో సెట్ ధర 649. వెనక్కి వచ్చిన ప్రతిసారీ రానూ పోనూ కొరియర్ నా నెత్తినే పడుతుంది, పైగా తిరిగొచ్చిన డబ్బాలో ఒక రోకలో, ఒక మూతో ఉండదు. ఆ సెట్ ఇంక సెట్ కాదు.

అయినా నేను చాలా రోజులు కొనేవాళ్ళదే తప్పు అనుకున్నాను. కిందకి వెళ్ళి చదవరు, చదివితే ఈ గొడవే ఉండదు కదా అని. మా ఆయన మాత్రం ఒకరోజు విసుగ్గా, "తొమ్మిది మందికి ఒకేసారి చదవడం రాకుండా పోయిందా?" అన్నాడు. దాంతో కూర్చుని, వచ్చిన ఫిర్యాదులన్నీ, రివ్యూలూ మెసేజ్‌లూ ఫోన్‌లో అన్నవీ, ఒక నోట్‌బుక్‌లో వాళ్ళ మాటల్లోనే రాసుకున్నాను. నా మాటల్లోకి మార్చకుండా. ఈ పని నేను మొదటి నెలలోనే చేసి ఉండాల్సింది.

చదివితే తెలిసింది ఏంటంటే, అందరూ చిన్నగా ఉంది అనే అంటున్నా, అందరూ ఒకే చిన్నతనం గురించి మాట్లాడట్లేదు. సంక్రాంతి బొమ్మల కొలువు కోసం కొన్నావిడకి ఎత్తు తక్కువైంది, మెట్టు మీద పెడితే వెనక బొమ్మల ముందు ఇవి కనపడలేదట. పిల్లల కోసం కొన్న తల్లికి చేతిలో పట్టుకోవడానికి చాలలేదు, "మా పాప బిందె చంకన పెట్టుకుని ఆడుతుందనుకున్నా" అని రాసింది. ఇంకొకాయన అయితే "డబ్బా చూసి సంతోషించాం, లోపల చూసి నవ్వుకున్నాం" అన్నాడు. ఈ మాట దగ్గర నాకు ఏదో తగిలింది. డబ్బా ఎందుకు చూశాడు?

లిస్టింగ్ తెరిచి నా కొలతలు నేనే మళ్ళీ చదివాను. 24 × 18 × 10 సెంటీమీటర్లు. వస్తువుల్లో అన్నిటికన్నా పొడవైన కూజానే ఐదు సెంటీమీటర్లు లేదు, మరి ఈ 24 ఎక్కడిది? అది అట్టపెట్టెది. లిస్టింగ్ ఫారంలో రెండు గడులు ఉంటాయి, Item Dimensions ఒకటి, Package Dimensions ఒకటి. కొరియర్ వాళ్ళు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5000తో భాగించి బరువు లెక్క కడతారు కాబట్టి పెట్టె కొలత నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. మొదటిరోజు హడావిడిలో దాన్నే రెండు గడుల్లోనూ కొట్టేశాను. అంటే వివరణ చదివినవాళ్ళు కూడా మోసపోయారు. చదవనివాళ్ళకన్నా ఎక్కువ మోసపోయారు, వాళ్ళు కొలత చూసి మరీ నమ్మారు. ఆ "శాంపిలా" అని అడిగినావిడకి నేనిచ్చిన జవాబు గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. ఆవిడకి ఆరోజే ఫోన్ చేసి, తప్పు నాదేనండీ అని చెప్పి డబ్బు వెనక్కి వేశాను. ఆవిడ సెట్ మాత్రం తిరిగివ్వలేదు, బాగున్నాయి ఉంచుకుంటానంది. ఉంచుకోమన్నాను.

గడి సరిచేయడం రెండు నిమిషాల పని. అక్కడితో అయిపోతుందనుకున్నాను. కానీ ఫొటో అలాగే ఉంది, దాని సంగతి తేల్చడానికి వారం పట్టింది.

ఆ ఫొటో మా మేనల్లుడు తీశాడు. నిజంగా బాగా తీశాడు, అదే సమస్య. నేనూ వాడూ మళ్ళీ అదే బల్ల మీద అవే వస్తువులు పెట్టి చూశాం. ముందు పళ్ళెం. ఫొటోలో అది తాంబూలం పళ్ళెంలా ఉంటుంది, నిజానికి అది దేవుడి దగ్గర నైవేద్యం పెట్టే బుల్లి పళ్ళెం, అడ్డంగా 12 సెంటీమీటర్లు. ఇత్తడి పళ్ళేలన్నీ ఒకే ఆకారంలో ఉంటాయి కాబట్టి పక్కన ఇంకేమీ లేకపోతే పెద్దదో చిన్నదో చెప్పలేం. చూసేవాళ్ళ మనసు వాళ్ళింట్లో ఉన్న పళ్ళేన్నే ఊహించుకుంటుంది. తర్వాత పూలు. అవి చిట్టి చామంతులు. మామూలు చామంతిలో సగం కూడా ఉండవు, కానీ ఫొటోలో రెండిటికీ తేడా తెలియదు. పువ్వు మామూలుదే అని కన్ను అనుకోగానే పక్కనున్న బిందె రెండింతలైపోతుంది. అందంగా ఉంటాయని, వస్తువుల సైజుకి సరిపోతాయని నేనే ఏరి ఏరి పెట్టాను ఆ పూలు. సరిపోయాయి, అందుకే కొంపముంచాయి.

మూడోది ఫోన్. వాడు బల్ల ఎత్తుకి వంగి, ఫోన్‌ని కూజాకి జానెడు దూరంలో పెట్టి తీశాడు. అంత దగ్గర నుంచి తీస్తే ముందున్నది ఉబ్బుతుంది, వెనకున్నది కుంచించుకుపోతుంది. పైగా కింద నుంచి చూసినట్టు ఉంటుంది కాబట్టి కూజా గుడి ధ్వజస్తంభంలా నిలబడింది. మనం ఇంట్లో ఒక చిన్న వస్తువుని ఎప్పుడూ పైనుంచే చూస్తాం, బల్ల మీద పెట్టి, కొంచెం వంగి. కంటికి ఎదురుగా నిలబడి కనిపించేది పెద్ద వస్తువే. ఇదంతా మేమిద్దరం బల్ల చుట్టూ తిరుగుతూ, ఫోన్ ఎత్తుతూ దించుతూ చూస్తుంటేనే అర్థమైంది. "అత్తా, నేను మోసం చేయలేదు, యాంగిల్ చేసింది" అన్నాడు వాడు.

కొత్త ఫొటోకి మొదటి ఆలోచన రూపాయి బిళ్ళ. అందరూ చేసేదే. పది రూపాయల బిళ్ళ 27 మిల్లీమీటర్లు ఉంటుంది, గ్లాసుల పక్కన పెట్టి తీశాం. ఫోన్ తెరలో చూస్తే బిళ్ళ ఒక పసుపు చుక్క. పైగా నా కొనుగోలుదారుల్లో కొందరు అమెరికాలో ఉండి ఇక్కడ అమ్మావాళ్ళింటికి పంపించుకునేవాళ్ళు, వాళ్ళ చేతిలో పది రూపాయల బిళ్ళ ఆడి ఎన్నేళ్ళయిందో. బిళ్ళలు కూడా రకరకాల సైజుల్లో ఉంటాయి కదా, ఏ బిళ్ళో పట్టి చూడాలి. దాన్ని వదిలేశాం.

రెండోది అరచెయ్యి. నా అరచేతిలో బిందె పెట్టుకుని తీశాం, చాలా బాగుంది, తృప్తిగా అప్‌లోడ్ చేయబోతుంటే మా ఆయన చూసి, "ఇందులో ఇంకా పెద్దగా ఉందే" అన్నాడు. నిజమే. నా చెయ్యి చిన్నది, మణికట్టు నుంచి మధ్యవేలి కొస దాకా 16 సెంటీమీటర్లే. మామూలు చెయ్యి అనుకుని చూసేవాళ్ళకి బిందె కాస్త పెరుగుతుంది. దానికి తోడు అరచేతిలో పెట్టి కెమెరా వైపు చాపితే వస్తువు కెమెరాకి దగ్గరై, చెయ్యి వెనక్కి పోతుంది. నిజాయితీగా చేద్దామని చేసిన ఫొటో కూడా అబద్ధం చెప్పగలదని అప్పుడే తెలిసింది.

చివరికి ఇలా తీశాం. మా ఆయన చెయ్యి, అది 19 సెంటీమీటర్లు, బల్ల మీద బోర్లా ఆనించి పెట్టాడు. దాని పక్కనే, వేళ్ళకి సమాంతరంగా, కూజా, బిందె, గ్లాసు పడుకోబెట్టాం, అంటే చెయ్యీ వస్తువులూ కెమెరాకి ఒకే దూరంలో ఉంటాయి. ఫోన్‌ని మీటరుకి పైగా వెనక్కి జరిపి, రెండు రెట్లు జూమ్ చేసి, నేరుగా పైనుంచి తీశాం. కూజా చూపుడువేలిలో సగానికి కొంచెం ఎక్కువ వచ్చింది. అందంగా లేదు, పోస్ట్‌మార్టం ఫొటోలా ఉందని మేనల్లుడు ఏడ్చాడు. ఇంకో ఫొటోలో అన్నిటినీ నిలబెట్టి పక్కన అగ్గిపెట్టె పెట్టాం. అగ్గిపెట్టె అయితే తెలుగింట్లో ఎవరికీ కొలత చెప్పక్కర్లేదు.

మొదటి ఫొటో మాత్రం పూర్తిగా నా చేతిలో లేదు. నేను అమ్మే చోట మొదటి ఫొటోకి వెనక తెల్లగా ఉండాలి, పక్కన వేరే వస్తువు ఉండకూడదు, ఫ్రేములో ఎక్కువ భాగం వస్తువే నిండాలి. అంటే ఒక లక్క గ్లాసూ, ఒక నిజం బిందె కూడా ఒకే సైజులో కనపడేలా రూలు పెట్టి కూర్చున్నారు. దానికి నేను చేయగలిగింది రెండే. ఒక వస్తువు పెద్దగా కాకుండా పదహారూ కలిపి పైనుంచి తీసిన ఫొటో పెట్టడం, చేతి ఫొటోని తప్పకుండా రెండోదిగా పెట్టడం. ఫోన్‌లో చూసేవాళ్ళు రెండు మూడు ఫొటోలు జరిపి కొనేస్తారు, ఐదో చోట పెట్టిన నిజాన్ని ఎవరూ చూడరు.

ఇంక రాత. పాత పేరు "ఏటికొప్పాక లక్కపిడతల సెట్, 16 ముక్కలు, పిల్లలకి, కొలువుకి, బహుమతికి". ఇందులో పదహారు అనే అంకె ఒక్కటే ఉంది, అది చూస్తే ఎవరికైనా చాలా వస్తుందనే అనిపిస్తుంది. కొత్త పేరు "బుల్లి లక్కపిడతలు, ఎత్తు 2 నుంచి 4.5 సెం.మీ., ఏటికొప్పాక, 16 ముక్కల సెట్". ఫోన్‌లో వెతికేటప్పుడు పేరు మొదటి రెండు వరుసలే కనపడి మిగతాది తెగిపోతుంది, అందుకే ఎత్తు ముందుకొచ్చింది. బుల్లి అనే మాట పెడితే అమ్మకం పడిపోతుందని మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. పడితే పడనీ అన్నాను, పైకి మాత్రం. లోపల టెన్షన్‌గానే ఉంది.

కొలవడం కూడా అనుకున్నంత తేలిక కాదు. చేత్తో చేసినవి కదా. పది సెట్లు విప్పి పది కూజాలు కొలిస్తే 4.3 నుంచి 4.8 దాకా వచ్చాయి. లిస్టింగులో "కూజా 4.5 సెం.మీ., చేతిపని కాబట్టి 3 మి.మీ. వరకు తేడా ఉండొచ్చు" అని రాశాను. సెంటీమీటర్ల పక్కన అంగుళాలు కూడా రాశాను. ప్యాకెట్ మీద చట్టప్రకారం మెట్రిక్ కొలతే ఉండాలి, కానీ కొలువు మెట్టు గురించి ఆలోచించే ఆవిడ అంగుళాల్లోనే ఆలోచిస్తుంది. "కూజా 4.5 సెం.మీ. (ఒకటిముప్పావు అంగుళం), అగ్గిపెట్టె పొడవు కంటే కొంచెం తక్కువ." ఈ ఒక్క వాక్యం మీద నేను పెట్టినంత సమయం డిగ్రీ పరీక్షలో ఏ జవాబు మీదా పెట్టలేదు.

నోట్‌బుక్‌లో మూడు రకాల ఫిర్యాదులు ఉన్నాయి కాబట్టి ముగ్గురికీ ఒక్కో వాక్యం రాశాను. కొలువుకైతే ముందు వరసలో పెట్టుకోండి, ఆరంగుళాల బొమ్మల వెనక పెడితే కనపడవు. వాయినాలకి, చిన్న బహుమతులకి సరిగ్గా సరిపోతాయి. మూడోది పిల్లల గురించి, అది రాసేటప్పుడే నాకు భయం వేసింది. నోట్‌బుక్‌లో ఒక తల్లి మాట ఉంది, "మా బాబుకి రెండేళ్ళు, గ్లాసు నోట్లో పెట్టేసుకున్నాడు, ఇంత చిన్నవని తెలిస్తే కొనేదాన్నే కాదు". బొమ్మల భద్రత పరీక్షల్లో 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఒక చిన్న గొట్టం వాడతారు, ఒక ముక్క అందులో పూర్తిగా పట్టేస్తే అది మూడేళ్ళలోపు పిల్లలకి గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉన్నట్టు. నా సెట్‌లో గ్లాసులు, రోకలి, పప్పుగుత్తి తల అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. నేనేమో అంతకుముందు "పిల్లలకి" అని ఊరికే రాసి వదిలేశాను. ఫొటోలో పెద్దగా కనపడటం అంటే కేవలం నిరాశ అనుకున్నాను గానీ, రెండేళ్ళ పిల్లాడికి కొనాలా వద్దా అని తల్లి తేల్చుకునేది కూడా ఆ ఫొటో చూసే. "మూడేళ్ళలోపు పిల్లలకి ఇవ్వకండి, చిన్న ముక్కలు నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది" అని రెండో వాక్యంగానే పెట్టాను, ఇప్పుడు ఫొటో మీద కూడా ఉంది.

డబ్బా కూడా మార్చాను. విరగకుండా ఉండాలని పెద్ద పెట్టెలో కాగితం కూరి పంపేదాన్ని. అంత పెద్ద పెట్టె ఇంటికి రాగానే ఆశ పెరుగుతుంది, అన్ని కాగితాలు తీశాక అడుగున పిడతలు. ఇప్పుడు 16 × 12 × 8 పెట్టె, ముక్కలు పెట్టడానికి అట్ట గడులు. కొరియర్ లెక్కలో కూడా తేలికైంది, అది ముందే ఎందుకు చేయలేదో నాకే తెలియదు.

లిస్టింగ్ మొత్తం తీసేసి కొత్తది పెట్టమని తెలిసినవాళ్ళు సలహా ఇచ్చారు, చెడ్డ రివ్యూలు పోతాయని. పోతాయి, వాటితోపాటు మంచివీ పోతాయి. దానికన్నా, పాత రివ్యూ కింద "కొలత తప్పుగా రాశాను, ఫలానా నెలలో సరిచేసి ఫొటోలు మార్చాను" అని జవాబు రాస్తే కొత్తగా చూసేవాళ్ళు ఆ రివ్యూని కూడా కొలత చెప్పే కాగితంలాగే చదువుతారనిపించింది. అలాగే చేశాను.

మార్చాక మొదటి రెండు వారాలు నాలుగే ఆర్డర్లు. మా ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు, అనకపోవడమే ఎక్కువ వినిపించింది. తర్వాత మెల్లగా కోలుకుంది. రెండు నెలల్లో 38 సెట్లు వెళ్ళాయి, అంతకుముందు కంటే కొంచెం తక్కువే. తిరిగొచ్చినవి మూడు, అందులో సైజు గురించి ఒకటే. విచిత్రం ఏంటంటే ఇప్పుడు "ఎంత ముద్దుగా ఉన్నాయో, బుల్లివి" అని రివ్యూలు వస్తున్నాయి. అవే పిడతలు, అంతే ఎత్తు.

ఏటికొప్పాక వెళ్ళినప్పుడు పెద్దాయనకి ఇదంతా చెప్పి, కొంచెం పెద్ద సైజులో కూడా చేస్తారా బాబాయ్ అని అడిగాను. ఆయన తరిణె ఆపకుండానే, "చేస్తానమ్మా, కర్ర ఎక్కువ పడుద్ది, లక్క ఎక్కువ పడుద్ది, ధర పెరుగుద్ది. నేను చేసినంతే చేశాను, పెద్దది చేసింది నువ్వు కదా" అన్నాడు. కూజా ఎనిమిది సెంటీమీటర్లు ఉండేలా ఆరు ముక్కల సెట్ ఒకటి ఒప్పుకున్నాడు. దాని ఫొటోలు కూడా మా ఆయన చేతి పక్కనే తీయాలి.

ఇక ఆ సైజు మీద తిరిగొచ్చిన ఒక్కటి ఎవరిదంటే, మా పిన్ని వాళ్ళ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకావిడది. పాత ఫొటో, చిట్టి చామంతులతో సహా, పిన్ని ఎప్పుడో ఫార్వర్డ్ చేసిందట. ఆవిడ ఆ ఫొటో చూసి లింక్ నొక్కి, నేరుగా కొనేసింది. పిన్నికి ఫోన్ చేసి అది తీసేయమన్నాను. "అదే కదే అందంగా ఉంది" అంది.